వాన, పొగ, నిప్పురవ్వలు: ఒకే షాట్‌లో మూడు వేర్వేరు లెక్కలు

విజయవాడ ఆటోనగర్‌లో వానాకాలం రాత్రి. రేకుల షెడ్డు కింద ఒకతను లారీ కమాను పట్టీని గ్రైండర్‌తో కోస్తున్నాడు. చూరు వెంట నీళ్లు కారుతున్నాయి. పక్కనే టీ బంకులో తడి కట్టెలు పెట్టిన పొయ్యి గుప్పున పొగ చిమ్ముతోంది. షెడ్డు బయట జోరువాన. యానిమేషన్‌లో ఆరు సెకన్ల షాట్ ఇది.

చూడ్డానికి చిన్నదే. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇలాంటి షాట్ దగ్గరే ఎక్కువగా ఇబ్బంది పడతారు. వాన, పొగ, రవ్వలు మూడూ లెక్కలేనన్ని చిన్న ముక్కలు కాబట్టి మూడింటికీ పార్టికల్స్ వేసేస్తే సరిపోతుందనుకుంటారు. తీరా చూస్తే వాన ఏదో పూలజల్లులా నింపాదిగా రాలుతుంది. రవ్వలు గ్రైండర్ నుంచి కాకుండా కాకరపువ్వొత్తి నుంచి వచ్చినట్టు అన్ని వైపులా చిమ్ముతాయి. పొగ దూది ఉండల్లా వరసకట్టి లేస్తుంది. బాగుచేద్దామని సంఖ్యలు పెంచితే కంప్యూటర్ బిగుసుకుపోతుంది.

ఈ చిక్కు విడదీయడానికి ఒక ప్రశ్న చాలు. ఒక రేణువు ఎటు కదలాలో తేలాలంటే దాని పక్క రేణువు ఏం చేస్తోందో తెలియాలా? వానచినుక్కి అక్కర్లేదు, దాని గతం కూడా మనకు అక్కర్లేదు. నిప్పురవ్వకి పక్కవాటితో పనిలేదు కానీ, తను పుట్టి ఎంతసేపైంది, ఎంత వేగంతో ఉంది, దేన్ని గుద్దుకుంది అన్నది ముఖ్యం. పొగకైతే పక్కనున్న గాలి ఎటు పోతోందో తెలియకుండా ఒక్క అంగుళం కూడా కదిలే వీల్లేదు. అందుకే మూడింటి ఖర్చులూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఇక్కడ లెక్కలన్నీ బ్లెండర్ అనే 3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవే అయినా, వెనక ఉన్న తర్కం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఒకటే.

పార్టికల్ అంటే లోపల ఏముంటుంది

ఈ పద్ధతిని 1983లో విలియం రీవ్స్ ఒక పరిశోధన పత్రంలో వివరించాడు. మంట, పొగలాంటి స్థిరమైన ఆకారం లేని వస్తువులను ఉపరితలాలతో కట్టే బదులు, పుట్టి, కదిలి, చచ్చిపోయే బిందువుల గుంపుగా చూడమన్నది అందులోని ఆలోచన. ఒక్కో బిందువుకీ తను ఉన్న చోటు, వేగం, వయసు, ఆయుష్షు ఉంటాయి. అవి పుట్టే చోటును ఎమిటర్ అంటారు. ఒక్కో ఫ్రేముకీ కంప్యూటర్ చేసే పని ఇంతే:

```
v = v + g*dt - k*v*dt
p = p + v*dt
```

ఇందులో `v` వేగం, `p` స్థానం, `g` గురుత్వాకర్షణ, `k` గాలి ఎంత గట్టిగా ఆపుతోందో చెప్పే సంఖ్య. `dt` అంటే ఒక అడుగుకు పట్టే కాలం. సెకనుకు 24 ఫ్రేములైతే అది 1/24 సెకను. ఈ రెండు వరుసల్లో పక్క రేణువు ఊసే లేదు. లక్ష రేణువులున్నా లక్షసార్లు ఈ చిన్న లెక్క చేస్తే అయిపోతుంది, అందుకే పార్టికల్స్ చవక.

షాట్ ఆరు సెకన్లు కాబట్టి 144 ఫ్రేములు. వాటిని 1 నుంచి మొదలుపెట్టకుండా 101 నుంచి 244 దాకా పెట్టుకోవడం మంచిది. తెర లేచేసరికే వాన పడుతూ ఉండాలి, పొగ షెడ్డంతా ఆవరించి ఉండాలి. అవి అలా కుదురుకోవడానికి ముందున్న వంద ఫ్రేములు పనికొస్తాయి.

వాన: గురుత్వాకర్షణను ఆపేయాల్సిన చోటు

వానలో అందరూ చేసే మొదటి తప్పు గురుత్వాకర్షణను అలాగే ఉంచేయడం. పైన ఆరు మీటర్ల ఎత్తులో ఎమిటర్ పలక పెట్టి, చినుకుల్ని వేగం లేకుండా వదిలారనుకుందాం. గాలి నిరోధం కూడా లేకపోతే నేలను తాకేసరికి వాటి వేగం సెకనుకు దాదాపు 11 మీటర్లు. పైన మాత్రం సున్నా. తెర పైభాగంలో చినుకులు వేలాడుతున్నట్టు, కిందికొచ్చేసరికి దూకుతున్నట్టు కనిపిస్తాయి. తేడా ఎక్కడుందో చూసేవాడికి తెలియకపోయినా ఇది వాన కాదని కన్ను పట్టేస్తుంది.

నిజం చినుకు మేఘం నుంచి వస్తుంది. మన తెరలోకి వచ్చేసరికి గాలి నిరోధం, బరువు సరితూగి దాని వేగం ఎప్పుడో స్థిరపడి ఉంటుంది. అదే అంత్యవేగం. రెండు మిల్లీమీటర్ల చినుక్కి అది సెకనుకు సుమారు 6.5 మీటర్లు. ఒక మిల్లీమీటరుదైతే 4, ఐదు మిల్లీమీటర్ల పెద్ద చినుకైతే 9. అర మిల్లీమీటరు తుంపర అయితే రెండు మీటర్లే. కాబట్టి చినుకు పుట్టేటప్పుడే 6.5 మీటర్ల వేగం కిందికి ఇచ్చి, `Field Weights` లో `Gravity` ని సున్నా చేయాలి. ఇక దాని దారిలో లెక్కించడానికి ఏమీ మిగలదు.

రెండో ప్రశ్న ఎన్ని చినుకులు అన్నది. గంటకు 25 మిల్లీమీటర్ల జోరువాన అనుకుందాం. అంటే ఒక చదరపు మీటరు నేల మీద గంటలో 25 లీటర్లు. చినుకులన్నీ రెండు మిల్లీమీటర్లవే అనుకుంటే, ఆ చదరపు మీటరులో సెకనుకు సుమారు 1,650 చినుకులు పడతాయి. దాన్ని 6.5తో భాగిస్తే ఏ క్షణంలోనైనా ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 250 చినుకులు ఉంటాయని తేలుతుంది. షెడ్డు ముందు ఆరు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల లోతు, ఆరు మీటర్ల ఎత్తు ఉన్న చోటును వానతో నింపాలంటే ఒకేసారి 45 వేలకు పైగా చినుకులు గాలిలో ఉండాలి.

కెమెరా అవన్నీ చూస్తుందా? 35 మిల్లీమీటర్ల లెన్సు, 36 మిల్లీమీటర్ల సెన్సర్, 1920 పిక్సెళ్ల వెడల్పు తీసుకుంటే, నాలుగు మీటర్ల దూరంలో ఒక పిక్సెల్ సుమారు 2.1 మిల్లీమీటర్లకు సమానం. మన చినుకు అక్కడ సరిగ్గా ఒక పిక్సెల్ మందం. పది మీటర్ల దూరంలో అది పిక్సెల్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. అలాంటివి వేలకొద్దీ రెండర్ చేస్తే కొన్ని ఫ్రేముల్లో పిక్సెల్‌కు దొరుకుతాయి, కొన్నిట్లో దొరకవు. దూరపు వాన అంతా మిణుకు మిణుకుమంటూ కనబడేది ఇందువల్లే. శాంపుల్స్ పెంచితే మిణుకు తగ్గుతుంది కానీ రెండర్ సమయం భారీగా పెరుగుతుంది.

అందుకే వానను పొరలుగా విడదీస్తారు. కెమెరాకు మూడు మీటర్లలోపు కొన్ని పదుల చినుకులు చాలు, అవి కాస్త మసకగా, మందంగా పోతాయి. మూడు నుంచి ఎనిమిది మీటర్ల మధ్య ఉండేదే అసలు పార్టికల్ వాన. అక్కడ కూడా నిజం లెక్కలో మూడో వంతు వేస్తే కంటికి చాలు. దాని వెనక కదిలే గీతల బొమ్మ వేసిన ఒకటి రెండు పలకలు, సన్నటి పొగమంచులాంటి తెర. దూరాన జోరువాన చూసినప్పుడు మనకు కనబడేది కూడా చినుకులు కాదు, వెలిసిపోయినట్టున్న ఒక బూడిదరంగు తెరే.

మధ్య పొర లెక్క ఇలా వస్తుంది. పలక వైశాల్యం 30 చదరపు మీటర్లు, సెకనుకు 1,650 చొప్పున ఫ్రేముకు సుమారు 2,070 చినుకులు. ఆరు మీటర్లు పడటానికి 22 ఫ్రేములు పడుతుంది కాబట్టి షాట్‌కు 24 ఫ్రేముల ముందు, అంటే 77వ ఫ్రేము దగ్గర మొదలుపెట్టి 244 దాకా నడపాలి. అది 168 ఫ్రేములు. మొత్తం మూడు లక్షల 48 వేలు, అందులో మూడో వంతు లక్షా 16 వేలు. బ్లెండర్‌లో `Number` అన్న గడిలో పెట్టేది ఈ మొత్తమే, సెకనుకు ఇన్ని అని కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. షాట్ పొడిగించాల్సి వచ్చి `End` ను 244 నుంచి 400కు మార్చి `Number` ను ముట్టుకోకపోతే, అవే చినుకులు ఎక్కువ కాలానికి పరుచుకుని వాన దాదాపు సగానికి పలచబడుతుంది. `Lifetime` 24 ఫ్రేములు చాలు. నేల కిందికి దిగిన చినుకు ఎవరికీ కనబడదు కాబట్టి నేలతో ఢీకొట్టించాల్సిన పని కూడా లేదు.

చినుకు ఆకారం సంగతి. కన్నీటిబొట్టులా పైన మొన, కింద గుండ్రం గీస్తారు కానీ నిజం చినుకు అలా ఉండదు. చిన్నది గుండ్రంగా ఉంటుంది, పెద్దది అడుగు చదునై బన్నులా ఉంటుంది. పడుతుండగా మన కంటికి అదీ కనబడదు, ఒక గీతే కనబడుతుంది. కెమెరా షట్టర్ ఫ్రేములో సగంసేపు, అంటే 1/48 సెకను తెరిచి ఉంటే 6.5 మీటర్ల వేగంతో పోయే చినుకు ఆలోగా దాదాపు 13.5 సెంటీమీటర్లు జారుతుంది. కాబట్టి 13 సెంటీమీటర్ల పొడవున్న సన్నటి కడ్డీని తయారుచేసి ప్రతి చినుక్కీ తగిలించి, వేగం ఉన్న దిక్కుకే అది తిరిగేలా పెడితే మోషన్ బ్లర్ అవసరమే రాదు. కడ్డీ అడ్డం తిరిగి కనబడితే దాన్ని `Edit Mode` లో 90 డిగ్రీలు తిప్పాలి, బయట తిప్పితే పార్టికల్ పట్టించుకోకపోవచ్చు. గాజు మెటీరియల్ కూడా అనవసరం. అంత సన్నటి గీతలో వక్రీభవనం కనబడదు, రెండర్ మాత్రం మందగిస్తుంది. సగం పారదర్శకంగా ఉండి వెలుతురు పట్టే సాదా మెటీరియల్ చాలు. అయితే వాన కనబడాలంటే వెనక నుంచి వెలుతురు, దాని వెనక చీకటి ఉండాలి. వీధిదీపాన్ని వానకు ఇటు కాకుండా అటు వైపు పెట్టండి. అదే వాన రెండింతలు గట్టిగా కనబడుతుంది.

గాలి కలిస్తే ఇంకో చిన్న సంగతుంది. తుపాను రోజుల్లో బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఏటవాలు జల్లును గుర్తుచేసుకోండి. సెకనుకు ఐదు మీటర్ల గాలిలో రెండు మిల్లీమీటర్ల చినుకు నిటారు నుంచి సుమారు 38 డిగ్రీలు వంగుతుంది. రెండు మీటర్ల వేగంతో పడే తుంపర అదే గాలిలో 68 డిగ్రీలు, దాదాపు అడ్డంగా పోతుంది. అన్ని చినుకులూ ఒకే కోణంలో వంగితే గీతలు గీసిన కాగితంలా ఉంటుంది. పెద్దవాటికీ తుంపరకీ వేర్వేరు సిస్టమ్‌లు పెట్టి వేర్వేరు కోణాలు ఇస్తే గాలివాన వస్తుంది.

చూరునీళ్లు, నేల మీది చిట్లుళ్లు

వానకు గురుత్వాకర్షణ తీసేశాం కదా. చూరునీళ్లకు మాత్రం తిరిగి పెట్టాలి. రేకు అంచున బొట్టు సాగి తెగేటప్పుడు దాని వేగం సున్నా. రెండున్నర మీటర్ల చూరు నుంచి నేలకు చేరడానికి దానికి 17 ఫ్రేములు పడుతుంది, చేరేసరికి వేగం సెకనుకు 7 మీటర్లు. పక్కనే స్థిరమైన వేగంతో పడే వాన, దాని ముందు మెల్లగా మొదలై వేగం పుంజుకునే చూరుబొట్లు. ఈ రెండు వేగాల తేడాయే చూసేవాడిని షెడ్డు కింద నిలబెడుతుంది. ఎమిటర్‌ను రేకు అంచు పొడవునా గీతలా పెట్టకూడదు. నీళ్లు రేకు గాడిలోంచే జారతాయి కాబట్టి గాడికో చిన్న ఎమిటర్ పెట్టి, ఒక్కోదానికి ఒక్కో `Seed` ఇవ్వాలి. ఒకే `Seed` ఉంటే చూరంతా కవాతు చేసినట్టు బొట్లు ఒక్కసారే రాలతాయి.

నేలను తాకిన చినుకు చిట్లడం ఇంకో చిక్కు. చచ్చిన చోటే కొత్త రేణువు పుట్టాలని కోరుకోవడం సహజం. బ్లెండర్ పాత పార్టికల్ సిస్టమ్‌లో అది నేరుగా కుదరదు. 2023 జూన్‌లో 3.6తో వచ్చిన సిమ్యులేషన్ నోడ్స్‌తో కుదురుతుంది. కానీ ఫలానా చినుకే ఫలానా చిట్లుడు చేసిందని ఏ కన్నూ సరిచూడలేదు. నేలనే ఎమిటర్ చేసి, నాలుగైదు ఫ్రేములే బతికే చిన్న కిరీటం లాంటి ఆకారాల్ని ఎక్కడపడితే అక్కడ పుట్టిస్తే సరిపోతుంది. చూరు కింద మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అక్కడ బొట్టు ఎప్పుడూ ఒకే చోట పడుతుంది, కాబట్టి నేల మీద గాడికి ఎదురుగా ఉన్న ఆ వరుసలోనే చిట్లుళ్లు రావాలి. చూసేవాడు అక్కడ లెక్క సరిచూస్తాడు.

రవ్వలు: ఇక్కడ గతం కావాలి

నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11 వేల చుట్లు తిరిగితే చక్రం అంచు వేగం సెకనుకు సుమారు 57 మీటర్లు. రవ్వ దాదాపు ఆ వేగంతోనే బయలుదేరుతుంది. పైన రాసిన రెండు వరుసల్లో 57 పెడితే మొదటి ఫ్రేములోనే రవ్వ రెండు మీటర్లు దాటి షెడ్డు బయట ఉంటుంది. నిజంలో రవ్వ ఇసుక రేణువు కన్నా చిన్నది. వేగం ఎక్కువైనకొద్దీ గాలి దాన్ని ఇంకా గట్టిగా ఆపుతుంది. మన సాదా లెక్కలో ఆ గట్టిదనం చాలినంత లేదు. అందుకే ఆరంభ వేగాన్నే తగ్గించుకుంటాం.

12 మీటర్ల వేగం, `k` విలువ 4 తీసుకుందాం. ప్రతి ఫ్రేముకూ వేగంలో ఆరో వంతు పోతుంది. ఆరు ఫ్రేములయ్యేసరికి 12 కాస్తా 4కు దిగుతుంది. రవ్వ తన జీవితమంతా కలిపి రెండున్నర మీటర్ల లోపే పోతుంది. మొదట్లో రివ్వున దూసుకెళ్లి, చివర్లో వాలిపోయే ఆ తీరు ఇక్కడి నుంచే వస్తుంది. గీత పొడవు కూడా వేగాన్ని బట్టే మారాలి. మొదటి ఫ్రేములో 25 సెంటీమీటర్లు, ఆరో ఫ్రేముకు 8. అన్నీ ఒకే పొడవుంటే రవ్వల్లా కాకుండా విసిరిన సూదుల్లా ఉంటాయి.

ఇక్కడే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. రవ్వ త్వరగా ఆగాలని `k` ను 30కి పెంచారనుకోండి. ఒక అడుగులో 30/24, అంటే ఉన్న వేగం కన్నా ఎక్కువ తీసేస్తాం. వేగం గుర్తు తిరగబడి రవ్వ వెనక్కి దూకుతుంది, మళ్లీ ముందుకు వస్తుంది. తెర మీద అది వణుకులా కనబడుతుంది. 48 దాటితే వణుకు తగ్గకపోగా పెరుగుతూ పోయి రవ్వలు ఎటో పేలిపోతాయి. మందు ఒక్కటే, ఫ్రేమును ముక్కలు చేయడం. నాలుగు ముక్కలు చేస్తే అదే 30తో ఒక్కో అడుగులో మూడో వంతు కన్నా తక్కువే పోతుంది, కదలిక నెమ్మదిస్తుంది. సాఫ్ట్‌వేర్లు గాలి నిరోధాన్ని ఒక్కోటి ఒక్కోలా లెక్కిస్తాయి కాబట్టి ఈ సంఖ్యలు యథాతథంగా సరిపోవు. రవ్వలు వణికినా పేలినా మాత్రం అనుమానించాల్సింది అడుగు పొడవునే.

నేలను తాకే విషయంలోనూ అంతే. 12 మీటర్ల వేగమంటే ఫ్రేముకు అర మీటరు. ఈ ఫ్రేములో నేలకు పైన, వచ్చే ఫ్రేములో కింద. మధ్యలో నేల ఉన్న సంగతి లెక్కకు తప్పిపోవచ్చు. `Subframes` పెంచితే ఆ అర మీటరు చిన్న అడుగులవుతుంది. నేలకు `Collision` పెట్టి, `Damping` సగం దాకా ఉంచి, `Randomize` కాస్త కలిపితే రవ్వలు ఒకటి రెండు ఎగురులు ఎగిరి ఆగుతాయి. ఏమీ కలపకపోతే అన్నీ రబ్బరు బంతుల్లా ఒకే ఎత్తుకు లేస్తాయి.

దిశ సంగతికి వస్తే, గ్రైండర్ రవ్వలు చక్రాన్ని తాకుతూ పోయే గీత వెంట, 10 నుంచి 15 డిగ్రీల సన్నటి శంకువులా పోతాయి. గ్రైండర్ పట్టుకున్న చెయ్యి తిరిగితే అదీ తిరగాలి. కోసే లోహం కూడా తేడా చూపిస్తుంది. కమాను పట్టీ ఉక్కులో కార్బన్ ఎక్కువ కాబట్టి రవ్వలు దారిలోనే పగిలి చివర చిన్న కొమ్మల్లా చీలతాయి. కార్బన్ తక్కువున్న మెత్తని ఉక్కు అయితే పొడవాటి గీతలు, చీలికలు తక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే రవ్వలు తక్కువ, పొట్టివి. ఇనుము రకాన్ని రవ్వ చూసి చెప్పే పాత పరీక్ష ఇదే. మన షాట్‌లో ఉన్నది కమాను కాబట్టి పదింట రెండు మూడు రవ్వల చివర చిన్న చీలిక ఉంటే ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లు కూడా ఒప్పుకుంటారు.

రంగు వయసును బట్టి మారాలి. బ్లెండర్ రెండర్ ఇంజిన్ అయిన సైకిల్స్‌లో `Particle Info` నోడ్ నుంచి వయసును ఆయుష్షుతో భాగించి, వచ్చిన 0 నుంచి 1 విలువను `Map Range` నోడ్‌తో 2000 నుంచి 1000 కెల్విన్‌కు మార్చి `Blackbody` నోడ్‌కు ఇవ్వాలి. రంగు నారింజ నుంచి ఎరుపుకు తనంతట తనే దిగుతుంది. నీలం రంగు ఇక్కడ పొరపాటు, అది వెల్డింగ్ ఆర్క్‌కు చెందింది. ఆయుష్షు 8 నుంచి 20 ఫ్రేముల మధ్య, ఫ్రేముకు 40 రవ్వలు చాలు. ఒక క్షణంలో ఉండేవి ఐదారు వందలే. కోసేవాడు గ్రైండర్‌ను ఆపకుండా నొక్కి ఉంచడు, నొక్కి తీస్తుంటాడు. `Number` కు కీ ఫ్రేములు పెట్టి దీన్ని సాధించలేం. 110 నుంచి 134, 152 నుంచి 180, 196 నుంచి 230 అని మూడు సిస్టమ్‌లు విడివిడిగా పెట్టడమే దారి.

పొగ: పక్కవాడిని అడగకుండా కదలలేనిది

పొగ నిజానికి వస్తువు కాదు, గాలి కదలికను చూపించే రంగు. పొయ్యి పైన వేడెక్కిన గాలి లేస్తుంది. అది లేచిన చోటికి పక్క గాలి వస్తుంది, ఆ రాకతో సుడి పుడుతుంది, ఆ సుడి పైనున్న గాలిని తిప్పుతుంది. ఏ చోట గాలి ఎటు పోతుందో తేలాలంటే చుట్టూ ఉన్న చోట్లన్నీ తెలియాలి. అందుకే ఇక్కడ బిందువుల్ని వదిలేసి, గాలి ఉన్న డబ్బాను గళ్లుగా కోస్తారు. ఆ డబ్బాయే డొమైన్. ప్రతి గడికీ గాలి వేగం, పొగ చిక్కదనం ఉంటాయి. 1999లో జాస్ స్టామ్ చూపించిన పద్ధతి ఈ లెక్క పెద్ద అడుగులు వేసినా పేలిపోకుండా చేసింది. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, సన్నటి సుడులు మెల్లగా అరిగిపోతాయి. పొగ మెత్తబడి పిండిముద్దలా కనబడటానికి కారణం అదే. `Vorticity` అన్న గడి అరిగిపోయిన సుడుల్ని తిరిగి నింపడానికే ఉంది. ఎక్కువ పెడితే పొగ ఉడుకుతున్నట్టు అల్లాడుతుంది.

2020 ఫిబ్రవరిలో వచ్చిన బ్లెండర్ 2.82 నుంచి పొగకు మాంటాఫ్లో అనే సిమ్యులేషన్ ఇంజిన్ వాడుతున్నారు. మన డొమైన్ నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు అనుకుందాం. `Resolution Divisions` మొదట 32 ఉంటుంది. అంటే పొడవైన వైపు 32 గళ్లు, ఒక్కో గడి 12.5 సెంటీమీటర్లు. పొయ్యి నోరు పాతిక సెంటీమీటర్లు, అంటే రెండు గళ్లు. రెండు గళ్లలో పొగ ఆకారం ఎలా తెలుస్తుంది? దూది ఉండలు వచ్చేది అందుకే. 128కి పెంచితే గడి మూడు సెంటీమీటర్లు, పొయ్యి నోటికి ఎనిమిది గళ్లు. ఇది పనికొస్తుంది. అప్పుడు మొత్తం గళ్లు పది లక్షల పైచిలుకు. ఇంకా బాగుండాలని 256కు పోతే రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు, సుమారు 84 లక్షలు. గళ్లు చిన్నవైనకొద్దీ అడుగులు కూడా చిన్నవి కావాలి కాబట్టి సమయం పదహారు రెట్ల దాకా పోవచ్చు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 48లో చూసి మెచ్చుకున్న పొగ 128లో అదే దారిన పోదు, ఆకారమే మారుతుంది. ఆకారం నచ్చితే పునాది రిజల్యూషన్‌ను కదపకుండా `Noise` తో వివరం మాత్రమే జోడించడం నయం.

షెడ్డు పైకప్పు ఇక్కడ అసలు ఉచ్చు. రేకు మందం మిల్లీమీటరు, గడి మూడు సెంటీమీటర్లు. గడికి రేకు ఉందో లేదో తెలియదు, పొగ దర్జాగా రేకులోంచి పైకి పోతుంది. కనబడే రేకును అలాగే ఉంచి, దాని మీద పది సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మె ఒకటి పెట్టి, దాన్ని `Effector` చేసి, రెండర్‌లో కనబడకుండా దాచాలి. అప్పుడు పొగ రేకు కింద తగిలి, పరుచుకుని, చూరు దగ్గర వంకర తిరిగి వానలోకి పోతుంది. దిమ్మెకూ డొమైన్‌కూ స్కేలు మార్చి ఉంటే ముందు `Apply Scale` చేయాలి. అది మరిచిపోతే పొగ ఉండాల్సిన చోటు కాకుండా ఇంకెక్కడో ఢీకొంటున్నట్టు కనబడొచ్చు.

పొగను ఒకటో ఫ్రేము నుంచే మొదలుపెట్టాలి. మొదటి గుప్పెడు పొగ ఎప్పుడూ పుట్టగొడుగు తలలా లేస్తుంది, ఎందుకంటే అది నిశ్చలమైన గాలిని తోసుకుంటూ పోతుంది. సెకనుకు మీటరు చొప్పున లేచినా ముందున్న వంద ఫ్రేముల్లో అది పైకప్పుకు తాకి చెదిరిపోతుంది, షాట్ మొదలయ్యేసరికి కుదురుకున్న పొగే మిగులుతుంది.

పొగకు సిమ్యులేషన్ వాడాలా, తీసి ఉంచిన పొగ వీడియోను పలక మీద అతికించాలా అన్న వాదన చాలాకాలంగా ఉంది. అతికించేవాళ్ల మాటలో బలముంది. నిజం పొగకున్న సన్నదనం ఏ గళ్లకూ అందదు, రెండరూ క్షణాల్లో అయిపోతుంది. కెమెరా కదలకుండా, పొగ దేన్నీ తాకకుండా ఉంటే వాళ్లదే సరైన దారి. మన షాట్‌లో పొగ రేకును తాకి తిరగాలి. అలా తిరిగే పొగ వీడియో సరిగ్గా ఇదే కోణంలో దొరకడం కష్టం. సగం దారి కూడా ఒకటుంది. రేకు కిందకు చేరే భాగాన్ని సిమ్యులేట్ చేసి, దూరాన వానలో కరిగే పొగను పలకల మీద వదిలేయొచ్చు. బొమ్మ శైలి కూడా చూసుకోవాలి. మనిషి కదలికను సెకనుకు 12 బొమ్మలతో గీసి, వెనక 24 ఫ్రేముల మెత్తటి పొగ పెడితే రెండూ వేరువేరు సినిమాల్లోవిగా కనబడతాయి. అప్పుడు చేత్తో గీసిన పొగే అతుకుతుంది.

మూడూ కలిసే చోటు

మూడింటినీ విడివిడిగా రెండర్ చేసి కంపోజిటింగ్‌లో కలపడం వాడుక. వాన ఎక్కువైందనిపిస్తే దాన్నొక్కదాన్నే తగ్గించొచ్చు. అయితే రవ్వల వెలుతురు పొగ మీద పడాలి, విడదీస్తే అది పోతుంది. రవ్వల మెటీరియల్‌తోనే వెలిగించబోతే సైకిల్స్‌లో తెల్లటి చుక్కలు తెరంతా మెరుస్తాయి. ఎందుకంటే అంత చిన్న వెలుగు మూలాన్ని కిరణాలు అరుదుగా తాకుతాయి, తాకినప్పుడు గుప్పున వెలుగుతుంది. రవ్వల్ని కెమెరాకు మాత్రమే కనబడేలా పెట్టి, చక్రం తాకే చోట ఒక నారింజ రంగు పాయింట్ లైటు పెట్టి, ఆ మూడు కోతల సమయాల్లోనే వెలిగేలా కీలు ఇచ్చి, ఆ కీల మీద `Blend Type` ను `Multiply` గా పెట్టి కాస్త `Noise` మాడిఫయర్ వేస్తే చాలు. ఆ లైటును పొగ రెండర్‌లోనూ, చూరునీళ్ల రెండర్‌లోనూ ఉంచాలి. కోత మొదలైన ప్రతిసారీ చూరు బొట్లు ఒక్క క్షణం నారింజ రంగులో మెరవాలి.

రెండర్‌కు ముందు ఫైలును సేవ్ చేసి, ఆ తర్వాతే బేక్ చేయాలి, అంటే అన్ని ఫ్రేముల లెక్కనూ ముందే చేయించి డిస్కులో దాచాలి. బేక్ చేయకుండా టైమ్‌లైన్ మధ్యలోకి దూకి చూస్తే కనబడే పొగ నమ్మదగింది కాదు. 150వ ఫ్రేము తేలాలంటే దాని ముందున్నవన్నీ వరుసగా లెక్క కావాలి. రెండు కంప్యూటర్ల మీద ఫ్రేములు పంచి రెండర్ చేసేటప్పుడు ఆ లెక్క దాచిన కాష్ ఫోల్డర్‌ను రెండో దానికి కూడా కాపీ చేయాలి. మరిచిపోతే 172, 173 ఫ్రేముల మధ్య పొగ ఉన్నట్టుండి మాయమవడమో, ఒక్కసారిగా వేరే ఆకారంలోకి ఎగరడమో చూస్తారు. వాన మాత్రం ఏమీ జరగనట్టు పడుతూనే ఉండొచ్చు, దానికి గతంతో పెద్దగా పనిలేదు కాబట్టి.